నోటీసుకు ఒకే దారి, మాటలకు ఎన్నయినా

ఈ టర్ము మొదట్లో మా ప్రిన్సిపల్ గారు తల్లిదండ్రులందరికీ ఒక ఉత్తరం రాశారు. ఒక్క పేజీ ఉత్తరం. ఇకనుంచి బడి నోటీసులన్నీ బడి అధికారిక వాట్సాప్ ఛానెల్‌లో మాత్రమే వస్తాయి. ప్రతి నోటీసుకూ ఒక సంఖ్య, తేదీ ఉంటాయి. అదే కాగితాన్ని గేటు దగ్గర బోర్డు మీద కూడా అంటిస్తారు. క్లాసు గ్రూపులోనో, వ్యాను గ్రూపులోనో, క్వార్టర్స్ గ్రూపులోనో కనిపించినదాన్ని బడి నోటీసు అనుకోవద్దు. టీచర్లు కూడా గ్రూపుల్లో నోటీసులు పెట్టకూడదు. ఉత్తరంలోని విషయం ఇదే.

ఆ ఉత్తరం మీద మీ ఇళ్లలో చర్చ జరిగిందని మీ మాటల్లోనే తెలిసింది. "మేడం, గ్రూపులు మూసేస్తారా?" అని కొందరు అడిగారు. "మా అమ్మ ఆ గ్రూపు వల్లే ఈ ఊళ్లో నెగ్గుకొచ్చింది మేడం" అని ఒకమ్మాయి చెప్పింది. ఆ రెండు మాటలకూ జవాబు చెప్పాల్సి ఉంది. నేను ఉత్తరాన్ని సమర్థిస్తున్నాను. అయితే ఆ ఛానెల్ నిజంగా పనిచేయాలంటే బడి చేయాల్సినవీ కొన్ని ఉన్నాయి. ముందు ఎందుకు సమర్థిస్తున్నానో చెబుతాను.

మనలాంటి ఇల్లు ఒకటి తీసుకుందాం. ఇద్దరు పిల్లలు, ఒకరు నాలుగు, ఒకరు పది. రెండు క్లాసు గ్రూపులు, ఒక వ్యాను గ్రూపు, ఒక క్వార్టర్స్ గ్రూపు, తెలుగువాళ్ల గ్రూపు ఒకటి. ఇవి ఈ ఊరివి. ఊరు మారినా పాత గ్రూపులను వదలం కదా. విశాఖపట్నంలో ఉన్నప్పటి బడి గ్రూపు, సికింద్రాబాద్ కాలనీ గ్రూపు అలాగే ఉంటాయి. ఒకే ఊళ్లో స్థిరపడ్డ ఇంటికి, బదిలీల ఇంటికి ఉన్న తేడా ఇదే. మన ఫోన్లో మూడు ఊళ్ల బడులు ఒకేసారి మాట్లాడుతుంటాయి. "రేపు బడికి సెలవు" అన్న ఒక్క ముక్క వస్తే ఏ ఊరి బడికో ఆ ముక్కలో ఉండదు. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో బడులకు సెలవులు జిల్లాకో విధంగా ఇచ్చారు. కాకినాడకు సరైన సమాచారం పక్క జిల్లాకే సరిపోకపోవచ్చు. ఇక ఢిల్లీ మాట చెప్పాలా?

చాలామంది అనుకునేది ఏమిటంటే, గ్రూపుల్లో వచ్చే తప్పుడు నోటీసులు ఎవరో కావాలని పుట్టించిన అబద్ధాలని. అలాంటివీ ఉంటాయి. కానీ బడి విషయంలో ఎక్కువ ఇబ్బంది పెట్టేవి అవి కావు. ఒకప్పుడు, ఒక చోట, కొందరికి నిజమైన మాట తన తేదీని, ఊరిని, తరగతిని పోగొట్టుకుని తిరుగుతూ ఉంటుంది. దానివల్లే తికమకంతా. దీనికి మన ఢిల్లీలోనే, మీలో చాలామందికి గుర్తుండే ఉదాహరణ ఉంది. 2024 నవంబరు.

ఆ నెల గాలి బాగా పాడైంది. ఢిల్లీ చుట్టుపక్కల గాలి విషయం చూసే వాయు నాణ్యత నిర్వహణ కమిషన్ ఒకటి ఉంది. కాలుష్యం పెరిగేకొద్దీ ఏ దశలో ఏమేం ఆపాలో దాని దగ్గర ఒక ప్రణాళిక ఉంటుంది. దాన్నే అందరూ గ్రాప్ అంటారు. మొత్తం నాలుగు దశలు. నవంబరు 14 గురువారం, బాలల దినోత్సవం నాడు, మూడో దశ ప్రకటించారు. అప్పటి ముఖ్యమంత్రి ఆతిశీ ఢిల్లీలో ప్రాథమిక తరగతులు ఆన్‌లైన్‌కు మారతాయని చెప్పారు. అంటే మన ఉదాహరణ ఇంట్లో నాలుగో తరగతి పాప ఇంట్లో, పదో తరగతి అబ్బాయి బళ్లో.

మూడు రోజులకే, 17 ఆదివారం సాయంత్రం, నాలుగో దశ ప్రకటన వచ్చింది. సోమవారం ఉదయం 8 గంటల నుంచి అమలు. 10, 12 తరగతులు తప్ప మిగతా అందరికీ బళ్లో పాఠాలు ఉండవని ముఖ్యమంత్రి ప్రకటించారు. మన అబ్బాయి పదో తరగతి కనుక సోమవారం బడికి వెళ్లాలి. ఆ సోమవారమే, 18న, సుప్రీంకోర్టు 12వ తరగతి దాకా అందరికీ బళ్లో పాఠాలు ఆపే విషయం వెంటనే తేల్చమని రాజధాని ప్రాంత రాష్ట్రాలను ఆదేశించింది. ఆ తర్వాత ఢిల్లీలో 10, 12 తరగతులకు కూడా మంగళవారం నుంచి బళ్లో పాఠాలు నిలిపేశారు. మళ్లీ 25న సుప్రీంకోర్టు ఆ ఆంక్షలను సడలించే విషయం చూడమని కమిషన్‌కు చెప్పింది. అదే రాత్రి కమిషన్ కొత్త ఆదేశం ఇచ్చింది. బళ్లోనూ ఆన్‌లైన్‌లోనూ పాఠాలు నడపవచ్చు, ఆన్‌లైన్ కావాలో వద్దో పిల్లలు, తల్లిదండ్రులు తేల్చుకోవచ్చు అన్నది దాని సారాంశం.

పన్నెండు రోజుల్లో నాలుగు మాటలు. నాలుగూ నిజమే. ఇప్పుడు 18వ తేదీ రాత్రి తొమ్మిదింటికి ఆ పదో తరగతి అబ్బాయి అమ్మ ఫోను చూద్దాం. క్వార్టర్స్ గ్రూపులో ఎవరో ఒక సందేశం పెట్టారు. "రేపటి నుంచి బడి లేదు, 10, 12 తప్ప." వాళ్లు అబద్ధం చెప్పలేదు. ముందురోజు సాయంత్రం తమకు వచ్చినదాన్నే ఆలస్యంగా పంపారు. కానీ 17న నిజమైన ఆ వాక్యం 18 రాత్రికి తప్పయింది. ఆమె దాన్ని నమ్మితే మర్నాడు ఆ గాలిలో అబ్బాయి పొద్దున్నే వ్యాను కోసం నిలబడతాడు.

ఆమెకు ఆ సందేశం పాతదని ఎందుకు తెలియదు? వాట్సాప్‌లో ఒక సందేశాన్ని ఇంకో గ్రూపుకు పంపినప్పుడు దాని పక్కన పడేది పంపిన సమయం. మొదట రాసిన సమయం కాదు. నిన్న సాయంత్రం ఆరింటికి రాసినది ఇవాళ రాత్రి తొమ్మిదింటి సందేశంగా కనిపిస్తుంది. "ఫార్వార్డెడ్" అన్న చిన్న గుర్తు ఉంటుంది గాని, ఎప్పటిదో, ఎవరు రాశారో అది చెప్పదు. దానికి తోడు మనం "రేపు" అని రాస్తాం. "రేపు" అన్న మాటకు సొంత తేదీ లేదు. ఏ రోజు చదివితే ఆ మర్నాడే రేపు.

ఊరి సంగతి కూడా ఇలాంటిదే. ధౌలా కువాన్ చౌరస్తా నుంచి రోడ్డు గురుగ్రామ్ వైపు పోతుంది. మన బడి పిల్లల్లో కొందరి అమ్మానాన్నల ఆఫీసులు అటు, కొందరి బంధువులు నోయిడాలో. రోజూ ఆ ఊళ్ల మధ్య తిరుగుతుంటాం కనుక అన్నీ ఒకే ఊరనిపిస్తుంది. కానీ గురుగ్రామ్ హర్యానాలో ఉంది, నోయిడా ఉత్తరప్రదేశ్‌లో ఉంది. ఆ నవంబరులో బడుల గురించి అక్కడి ఉత్తర్వులు అక్కడి ప్రభుత్వం, జిల్లా అధికారులు విడిగా ఇచ్చారు. గురుగ్రామ్ ఆఫీసు గ్రూపులో వచ్చిన మాట ఢిల్లీ బడికి వర్తించదు. పైగా ప్రభుత్వం చెప్పినదాన్ని మన బళ్లో ఎలా అమలు చేస్తారో మన ప్రిన్సిపల్ చెప్పాలి. ఏ గంటకు ఆన్‌లైన్ క్లాసు, ప్రీబోర్డు ఉంటుందా లేదా, వ్యానులు వస్తాయా రావా అన్నవి టీవీలో రావు.

గ్రూపుల వల్ల ఉన్న అసలు చిక్కు నా దృష్టిలో దిద్దుబాటు. ఒక నోటీసు తప్పుగా వెళ్లింది, లేదా మారింది అనుకోండి. దాన్ని సరిచేయాలంటే ఆ పాత మాట ఎక్కడెక్కడికి వెళ్లిందో అక్కడికల్లా కొత్త మాట వెళ్లాలి. క్లాసు గ్రూపులో పెట్టిన సందేశాన్ని ఒకరు వ్యాను గ్రూపుకు, అక్కడినుంచి ఇంకొకరు తెలుగు గ్రూపుకు పంపారు. మొదట పెట్టినావిడకు ఈ దారులేవీ తెలియవు. ఆమె తన గ్రూపులో సరిచేస్తుంది. మిగతా రెండు చోట్లా పాతదే బతికి ఉంటుంది. ఒకే ఛానెల్ ఉంటే నోటీసు ఏ దారిన వెళ్లిందో దిద్దుబాటు కూడా అదే దారిన అదే మనుషులకు వెళ్తుంది. సంఖ్య ఎందుకు కావాలో కూడా ఇక్కడే తెలుస్తుంది. "నోటీసు 41: ఇది నోటీసు 40కి బదులు" అని రాస్తే 40 చేతిలో పట్టుకున్నవాళ్లకు తమది పాతదని వెంటనే తెలుస్తుంది.

మన ఊళ్లలో దండోరా వేసేవాళ్ల పద్ధతి మీ తాతయ్యలను అడగండి. డప్పు వాయించి నలుగురూ చేరాక ముందు ఎవరికి చెబుతున్నదీ, ఎవరు చెప్పమన్నదీ చెప్పేవారు. తర్వాతే విషయం. ప్రతి వీధి మూలలోనూ అదే మాట, అదే మనిషి. విన్నవాళ్లు ఇంటికెళ్లి దాని గురించి ఎంతయినా మాట్లాడుకోవచ్చు, గొణుక్కోవచ్చు. కానీ వాళ్ల మాట దండోరా కాదు. ప్రిన్సిపల్ గారి ఉత్తరం అడుగుతున్నదీ అంతే.

అందుకే గ్రూపులు మూసేస్తారా అన్న ప్రశ్నకు నా జవాబు, వద్దు, అక్కర్లేదు. ఆ ఉత్తరంలో అలా లేదు కూడా. జూన్‌లోనో డిసెంబరులోనో కొత్తగా దిగిన తల్లికి ఛానెల్ ఏం చెబుతుంది? యూనిఫాం ఎక్కడ దొరుకుతుంది, ఏ వ్యాను డ్రైవరు నెమ్మదస్తుడు, ఇడ్లీ బియ్యం ఏ కొట్లో ఉంటాయి, పాపకు హిందీ రాకపోతే ఎవరు సాయం చేస్తారు? ఇవన్నీ గ్రూపులోనే తేలతాయి. నేనూ ఊరు మారిన ప్రతిసారీ మొదట అలాంటి గ్రూపునే వెతుక్కున్నాను. అది మాటల చోటు. మాటలకు తేదీ, సంఖ్య అక్కర్లేదు. నోటీసుకు కావాలి. ఈ రెంటినీ ఒకే చోట కలపడం వల్లే ఫీజు గడువు తేదీ, ఒకరి పుట్టినరోజు శుభాకాంక్షల యాభై సందేశాల కింద పడిపోతోంది.

ఇక బడి చేయాల్సినవి. నా ఉద్దేశంలో ఇవి మూడు.

మొదటిది, ఛానెల్ నిజంగా అందరికీ చేరుతోందో లేదో చూసుకోవడం. వాట్సాప్ ఛానెల్‌లో బడి ఒక్కటే రాయగలదు. చేరినవాళ్ల ఫోను నంబర్లు ఒకరివి ఒకరికి కనిపించవు. రక్షణ దళాల కుటుంబాలున్న చోట ఇది మంచి విషయమే. గ్రూపులో అయితే మన నంబరు అందరి చేతికీ వెళ్తుంది. కానీ ఛానెల్‌కు రెండు లోపాలున్నాయి. చేరినంత మాత్రాన ఫోను మోగదు. ఛానెల్ తెరిచి, పైన ఉన్న గంట గుర్తును నొక్కితేనే కొత్త నోటీసు వచ్చినప్పుడు తెలుస్తుంది. పైగా అది మామూలు మాటల జాబితాలో కాకుండా వేరే పేజీలో ఉంటుంది. రెండో లోపం, ఎంతమంది చేరారో బడికి తెలుస్తుంది గాని ఏ పాప అమ్మానాన్నలు చేరలేదో దాన్నిబట్టి తేల్చలేరు.

అందుకని ఒక పరీక్ష పెట్టమని నా మనవి. ఒక సోమవారం ఛానెల్‌లో ఒక చిన్న నోటీసు పెట్టాలి. అందులో ఒక మాట ఇచ్చి, దాన్ని పిల్లల డైరీలో రాసి సంతకం చేసి పంపమని తల్లిదండ్రులను అడగాలి. బుధవారానికి ఎవరి డైరీలో ఆ మాట లేదో క్లాసు టీచరుకు తెలిసిపోతుంది. వాళ్లకు ఫోను చేసి ఆ గంట గుర్తు ఎలా నొక్కాలో చెబితే సరిపోతుంది. స్మార్ట్ ఫోను లేని ఇంటికి, నాన్న ఓడ మీదో సరిహద్దులోనో ఉండి ఫోను అందని ఇంటికి, డైరీ కాగితమే దారి. వాట్సాప్ పుట్టకముందు బడికి ఉన్న ఒకే దారి ఆ డైరీయే కదా. దానికి ఉన్న గొప్ప గుణం సంతకం. నోటీసు అందిందని బడికి తిరిగి చెప్పేది అదే.

అత్యవసరమైన నోటీసుకు బడి మామూలు సందేశం కూడా నేరుగా పంపుతుంది. అది బడి రికార్డులో ఉన్న నంబరుకు వెళ్తుంది. బదిలీల ఇళ్లలో ఇక్కడే పొరపాటు జరుగుతుంది. అడ్మిషన్ నాడు పాత ఊరి సిమ్ము నంబరు రాస్తాం. తర్వాత కొత్తది తీసుకుని పాతదాన్ని పక్కన పడేస్తాం. వాడని సిమ్ము కొన్నాళ్లకు రద్దవుతుంది. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆగి ఫోను కంపెనీ వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. అప్పుడు మీ బడి కబురు ముక్కూమొహం తెలియని మనిషికి అందుతుంది. ఏటా ఏప్రిల్‌లో ప్రతి ఇంటి నుంచి రెండు నంబర్లు కొత్తగా రాయించుకుంటే ఈ చిక్కు తీరుతుంది.

రెండోది, ఛానెల్ మౌనంగా ఉండకూడదు. ఆ 17వ తేదీ ఆదివారం సాయంత్రాన్ని మళ్లీ తలుచుకోండి. మర్నాడు బడి ఉందా లేదా అని అందరూ ఎదురుచూసే సమయం. అలాంటప్పుడు బడి ఏమీ చెప్పకపోతే ఆ ఖాళీలోకి గ్రూపులు వచ్చేస్తాయి. అది తల్లిదండ్రుల తప్పు కాదు. బడికి ఇంకా ఏమీ తెలియకపోయినా, "ఇంకా నిర్ణయం రాలేదు. రాత్రి 9 గంటలకు మళ్లీ చెబుతాం" అని ఒక నోటీసు పెట్టవచ్చు. తొమ్మిదింటికి మాట నిలబెట్టుకోవాలి. అప్పుడే జనం ఛానెల్ దగ్గర ఆగుతారు.

ఇది ఇంకా ముఖ్యమైన రోజు ఒకటి ఢిల్లీ చూసింది. 2024 మే 1న రాజధాని ప్రాంతంలో వందకు పైగా బడులకు బాంబు బెదిరింపు ఈమెయిళ్లు వచ్చాయి. వెతికితే ఏమీ దొరకలేదు. అది వట్టి బెదిరింపేనని కేంద్ర హోం శాఖ చెప్పింది. కానీ ఆ ఉదయం బడుల్లో అనుమానాస్పద వస్తువులు దొరికాయంటూ వాట్సాప్ గ్రూపుల్లో ఆడియోలు తిరిగాయి. అవి నిజం కావని ఢిల్లీ పోలీసులు ప్రకటించాల్సి వచ్చింది. అలాంటి గంటలో ఒక తల్లికి కావాల్సింది రెండే సంగతులు. పిల్లలు ఎక్కడున్నారు, తను ఏ గేటు దగ్గరికి రావాలి. ఆ రెండూ బడికే తెలుసు. బడి నోటి నుంచి అవి ముందుగా రాకపోతే ఆడియోలే ముందుగా వస్తాయి.

మూడోది భాష. నోటీసు హిందీలో, ఇంగ్లీషులో వస్తుంది. మన ఇళ్లలో ఆ రెండూ తడబడుతూ చదివే అమ్మలు, అమ్మమ్మలు ఉన్నారు. వాళ్లకు తెలుగు గ్రూపులో ఎవరో ఒకరు విషయం చెబుతారు. అది మంచి పని. అయితే చెప్పేటప్పుడు "నోటీసు 41లో ఇలా ఉంది" అని సంఖ్యతో చెప్పాలి. ఛానెల్ నుంచే నేరుగా ఫార్వార్డ్ చేస్తే దానితోపాటు ఛానెల్‌కు దారి కూడా వెళ్తుంది. అనుమానం వచ్చినవాళ్లు నొక్కి అసలు నోటీసు చూసుకోవచ్చు. స్క్రీన్‌షాట్ తీసి సగం కత్తిరించి పంపితే మళ్లీ తేదీ ఊడిపోయిన కాగితమే అవుతుంది. ప్రాంతీయ భాషల టీచర్లం ఉన్నాం కనుక ముఖ్యమైన నోటీసుల కింద నాలుగు వరుసల సారాంశం ఆయా భాషల్లో బడే ఇవ్వవచ్చు. ఆ పనికి నేను సిద్ధం.

ఇది పెద్దల వ్యవహారం, మాకెందుకు అనుకోకండి. మనలాంటి ఇళ్లలో నోటీసు చదివి వివరించేది చాలాసార్లు మీరే. "ఏం రాశారే?" అని అమ్మ ఫోను మీ చేతికిస్తుంది. ఆ నిమిషంలో మీరేం చెబితే మర్నాడు ఇంట్లో అది జరుగుతుంది. కాబట్టి చెప్పే ముందు మూడు చూడండి. ఇది మన ఇప్పటి బడిదేనా, పాత ఊరిదా? ఏ తేదీన ఇచ్చారు, దాని తర్వాతి సంఖ్య నోటీసు వచ్చిందా? మీ తరగతికి వర్తిస్తుందా, తమ్ముడి తరగతికా? ఈ మూడింటిలో ఒకదానికి జవాబు దొరకకపోతే అది నోటీసు కాదు, ఎవరో అన్న మాట. అమ్మకు అలాగే చెప్పండి. ఆ తర్వాత ఛానెల్ తెరిచి చూపించండి.

ఇంకొక చిన్న పని. అమ్మానాన్నల ఫోన్లలో పాత ఊళ్ల బడి గ్రూపులు ఉంటాయి. స్నేహాలున్నాయి, వాటిని వదలమని ఎవరూ అనరు. కానీ అవి మన ఫోన్లో ముందుకు రాకుండా చేసుకోవడానికి ఒక మార్గం ఉంది. ఆ గ్రూపును జాబితాలోంచి తీసి ఆర్కైవ్‌లో పెట్టడం. అప్పుడు విశాఖ సెలవు ఢిల్లీ సెలవులా ముందుకు రాదు. ఈ శనివారం కూర్చుని ఆ పని చేయండి. బడి ఛానెల్ గంట గుర్తు కూడా అప్పుడే నొక్కండి. బడి రికార్డులో ఉన్న నంబరు ఇప్పటిదో కాదో అమ్మను అడగండి. కాకపోతే సోమవారం కొత్త నంబరు డైరీలో రాయించి తెండి, నేను ఆఫీసులో ఇస్తాను.